ఏడాది నిండకముందే

ఇస్నాపూర్‌లో ఒక కంపెనీ ఆఫీసరు ఇంట్లో శివమ్మ అంట్లు తోమి, బట్టలు ఉతికేది. అంతకుముందు రెండిళ్లలో మాట నమ్మి మోసపోయింది కాబట్టి, ఇక్కడ చేరిన నాడే పట్టుబట్టి కాగితం రాయించుకుంది. నెలకు ఏడు వందల జీతం, రెండు రోజుల సెలవు, ఏడాది నిండగానే నెలకు వంద పెంపు. ఇంటావిడ సునంద రాసి, చదివి వినిపించి సంతకం పెట్టింది. శివమ్మ వేలిముద్ర వేసింది.

జ్వరమొచ్చినా గోలీ వేసుకుని పనికి వచ్చేది. పదకొండు నెలలు గడిచాయి. ఆ నెల జీతం చేతిలో పెడుతూ సునంద, "రేపటి నుంచి రాకు శివమ్మా" అంది.

"నేనేం తప్పు జేసిన అమ్మా?"

"తప్పేం లేదు. ఇగ మేమే చేసుకుంటం."

"ఇంకొక్క నెలైతే ఏడాది నిండుతది గదమ్మా!"

"నిండలేదు కదా. మాన్పించొద్దని కాగితంల ఎక్కడన్న ఉందా?"

లేదు. అది రాయించుకోవాలని శివమ్మకు తోచలేదు.

వారం తిరక్కుండా శివమ్మ పక్క గదిలో కిరాయికుండే దేవమ్మ ఆ ఇంట్లోనే చేరింది, అదే ఏడు వందలకు. శివమ్మకు కడుపు మండిపోయింది. అయినా బోరింగు దగ్గర కలిసినప్పుడు ఉండబట్టలేకపోయింది.

"జీతం, సెలవులు రాయించుకో చెల్లె. మాన్పియ్యాలంటే నెల ముందుగాల జెప్పాలని గూడ రాయించుకో."

దేవమ్మ తలెత్తకుండా బిందె చంకనెత్తుకుంది.

"కాయితం అడగనని ఒప్పుకున్నంకనే నన్ను పెట్టుకున్నరక్కా" అంది.