గది తలుపు మీద మూడో పేరు

నేను లెక్చరర్‌గా ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీ ఎర్రగుంట్ల రోడ్డులో ఉంది. 2006లో తనిఖీ కమిటీ వస్తోందని కబురందగానే, విద్యార్థులను వ్యాపారవేత్తలుగా తీర్చిదిద్దాలనే దాహం మా ప్రిన్సిపాల్ శ్రీనివాసులు గారికి రాత్రికి రాత్రే పుట్టింది. తాళం వేసిన ఒక బీరువా తప్ప స్టోర్ రూమంతా ఖాళీ చేయించి, అందులో పెట్టబోయే వ్యాపార శిక్షణ సెల్‌కు నన్ను ఇన్‌చార్జిని చేశారు. సోమవారం కమిటీ వచ్చేసరికి ముప్పైమంది సభ్యులు ఉండాలి, లేకపోతే గది మళ్లీ స్టోరే.

మొదటి పేరు ఆయనే పెట్టారు: 'పెద్దసుబ్బయ్య మెమోరియల్ సెంటర్ ఫర్ ఎక్సలెన్స్ ఇన్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్'. పెద్దసుబ్బయ్య కరస్పాండెంట్ గారి తండ్రి. ఫస్టియర్ పిల్లలు ఇద్దరు వచ్చి, అటెండెన్స్ ఇస్తారా అని అడిగి వెళ్లిపోయారు.

రెండోది 'డ్రీమ్ జోన్'. అది కూడా ఆయన ప్రతిభే. ఎనభైమంది ఫస్టియర్ వాళ్లు సమోసాలు తిని వెళ్లారు. కాలేజీలో నిజంగా వ్యాపారం చేసేవాడు ఒక్కడే, థర్డియర్ ధనుంజయ. సీనియర్ల దగ్గర పాత డ్రాఫ్టర్లు కొని, డ్రాయింగ్ క్లాసుకు జూనియర్లకు అద్దెకిచ్చేవాడు. గుమ్మంలోంచే తొంగిచూశాడు.

"ఆటలాడుకునేదానికి నాకు టైం లేదు సార్" అని వెళ్లిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. తలుపు చిన్నవాళ్లకు తెరిస్తే పెద్దవాడు రాడు, పెద్దవాడికి తెరిస్తే చిన్నవాళ్లు జడుసుకుంటారు.

సెకండియర్ నాగశ్రీ వాళ్లమ్మ కన్యకమ్మకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉంది. ఆ అమ్మాయే చెప్పింది.

"'బోణీ' అని పెడదాం సార్. పొద్దున మొదట వచ్చినోనికి జేబుగుడ్డన్నా అమ్మకుండా మా అమ్మ ఊరికే పంపదు. కొత్త అంగడోళ్లకూ, ముప్పై ఏండ్ల అంగడోళ్లకూ దినామూ అదే కావాల."

"ఇది కాలేజీనా, అంగడా?" అన్నారు ప్రిన్సిపాల్. కానీ ఆ రోజు శనివారం. ఆయన కాదనలేకపోయారు.

నాగశ్రీ ఒక అట్ట రాసి తలుపుకు కట్టింది: 'బోణీ. ఇంకా ఏమీ అమ్మనివాళ్లు చూడటానికి రండి. అమ్మేవాళ్లు మొదటి గిరాకీ కోసం రండి.' సోమవారం పొద్దున్నే గది నిండింది. నాకు నిజంగా సంతోషమైంది. చివర్లో ధనుంజయ కూడా వచ్చాడు, కానీ కూర్చోలేదు.

"బోణీ అంటాండారు కదా సార్, నా సరుకు ఆ బీరువాలో ఉండాది" అన్నాడు ప్రిన్సిపాల్‌తో.

నాకప్పుడు గుర్తొచ్చింది. క్యాంపస్‌లో వ్యాపారం చేస్తున్నాడని ఆగస్టులో అతని డ్రాఫ్టర్లన్నీ లాక్కుని, ఐదువందలు ఫైన్ కట్టించుకుని, ఈ స్టోర్ బీరువాలోనే పెట్టించింది ఈయనే. కమిటీ జీపు గేటు దాటింది. ఆయన గబగబా తాళం తీశారు. భూపేష్ అనే ఫస్టియర్ పిల్లవాడు పది రూపాయలిచ్చి ఒక డ్రాఫ్టర్ అద్దెకు తీసుకున్నాడు.

కమిటీ లోపలికి రాగానే ప్రిన్సిపాల్ ధనుంజయ భుజం మీద చెయ్యి వేశారు.

"మా సెల్‌లో తొలి సంస్థ ఇతనిదే. మొదటినుంచీ మేమే ప్రోత్సహిస్తున్నాం."

"ఔ సార్" అన్నాడు ధనుంజయ వినయంగా, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీస్తూ. "ప్రోత్సహించినట్టు రసీదు గూడా ఇచ్చినారు."