పని చోట నవ్వు బొమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను కామా అనే పిలిచేవారు. ఒక్క కామా కోసం పూటంతా పోట్లాడుతుందని ఆ పేరు పెట్టింది పెద్దక్క. పెద్దక్క తోడబుట్టింది కాదు, కామా పనిచేసే జట్టుకు పెద్ద. కామా ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుని, అక్షరం అక్షరం చూపించి పని నేర్పిన మనిషి. అందుకే నలుగురిలోనైనా, ఒంటరిగానైనా కామాకు ఆమె "అక్కా" తప్ప ఇంకేమీ కాదు.

వాళ్ల కంపెనీ తయారుచేసేది ఒక అసిస్టెంట్‌ని. మనం టైపు చేస్తే అది తిరిగి జవాబిస్తుంది. కొందరు దాన్ని కబుర్ల యాప్‌లో పెట్టుకున్నారు, కొందరు తమ పని నడిపే సాధనాల్లో పెట్టుకున్నారు. అది ఎక్కడ ఎలా మాట్లాడాలో రాసే పని కామాది. ఆ రాసిన కాగితాన్ని జట్టులో "మాటతీరు" అంటారు.

మాటతీరులో కామాకు ప్రాణంతో సమానమైన భాగం ఒకటుంది. ముందు ఏ చోట ఉన్నావో చూసుకో, అంటుంది అది అసిస్టెంట్‌తో. ఫిర్యాదు టికెట్ల నంబర్లు, సైటు పేర్లు, నింపాల్సిన గళ్లు, పై అధికారి చదివే బోర్డు కనిపిస్తే అది పని చోటు. అక్కడ విషయం చెప్పు, తిన్నగా చెప్పు, నవ్వు మొహాల్లాంటి ఎమోజీ బొమ్మలు వద్దు. కబుర్ల యాప్ అయితే అవతలి మనిషిని చూడు. వాళ్లు బొమ్మలు పెడితే నువ్వూ ఒకటి పెట్టొచ్చు, వాళ్లు పెట్టకపోతే నువ్వూ ఆగు. దెబ్బ, జబ్బు, చావు అన్న మాట వినపడితే ఎక్కడైనా సరే, ఒక్కటి కూడా వద్దు.

ఆమెకు బొమ్మలంటే పగేమీ లేదు. ఒకసారి కబుర్ల యాప్‌లో ఎవరో అమ్మాయి "పాసయ్యానోచ్ 🎉" అని రాస్తే అసిస్టెంట్ "మీ ఉత్తీర్ణతకు అభినందనలు" అని జవాబిచ్చింది. "ఇదేం జవాబు, పాపం ఆ పిల్ల మొహం చిన్నబోయుంటుంది!" అని రెండు రోజులు కూర్చుని దాన్నీ బాగుచేసింది.

కామా అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అతని కంపెనీ కూడా ఈ అసిస్టెంట్‌నే తన టికెట్ల యాప్‌లో పెట్టుకుంది. ఏ భవనంలో ఏ లిఫ్టు ఆగింది, ఎవరు వెళ్లారు, ఏం జరిగింది అంతా మెకానిక్‌లు ఫోన్‌లో చెబితే, అసిస్టెంట్ దాన్ని ఒక్క వరుసలో సూపర్‌వైజర్ బోర్డు మీదికి పంపుతుంది. "మా చెల్లి రాసిందే ఇది" అని అన్నయ్య తన జట్టువాళ్లకు గొప్పగా చెప్పుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకు అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావే?"

"ఆఫీసులో. ఏంటన్నయ్యా, గొంతు అలా ఉందేంటి?"

"ఆస్పత్రిలో ఉన్నా. నాకేం కాలేదు. పొడుగుకి."

పొడుగు అంటే అన్నయ్యతో పదేళ్లుగా జంటగా పనిచేసే మనిషి. ఇంటికి వస్తే గుమ్మం దగ్గర తల వంచుకుని లోపలికి వచ్చేవాడు. ఆ ఉదయం లిఫ్టు పైన నిలబడి తలుపు సరిచేస్తుంటే, తలుపు నడిపే బెల్టుకీ చక్రానికీ మధ్య అతని కుడిచెయ్యి ఇరుక్కుంది.

"చెయ్యి నలిగిపోయిందే. నెత్తురు ఆగట్లేదు. నేనొక చేత్తో గుడ్డ అదిమిపట్టుకుని, ఇంకో చేత్తో యాప్‌లో పెట్టా, బండి పంపమని. చెప్పేశానంది. ఇరవై ఐదు నిమిషాలు చూశాం. బండి రాలేదు. చివరికి ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? 'చిన్న దెబ్బ అనుకున్నానయ్యా, మీ వరుసలో నవ్వులున్నాయిగా' అన్నాడు."

కామాకు ఏమీ అర్థం కాలేదు. అన్నయ్య ఆ తెర ఫోటో తీసి పంపాడు.

అన్నయ్య రాసింది: "లిఫ్టు ఆపాం. మావాడి చెయ్యి బెల్టులో పడి నలిగింది. వెంటనే బండి పంపండి."

అసిస్టెంట్ రాసింది: "అయ్యయ్యో! ఈ లిఫ్టు ఇవాళ మూడీగా ఉన్నట్టుందే 😅 సూపర్‌వైజర్‌కి చెప్పేశా, బండి అడిగా! మీవాడికి గెట్ వెల్ సూన్ 💪"

సూపర్‌వైజర్ బోర్డు మీద పడిన వరుస ఫోటో కూడా పంపాడు, అది ఇంకా ఘోరంగా ఉంది: "లిఫ్టుకి కాసేపు రెస్ట్! చేతికి దెబ్బట 🙈 బండి కావాలంటున్నారు 😅". ఆ ఉదయం బోర్డు మీద నలభై వరుసలున్నాయట. అందులో నవ్వుతున్న వరుసను ఎవరు మాత్రం ముందు పట్టించుకుంటారు?

ఆ కండలు తిరిగిన చేతి బొమ్మ మీద ఆమె చూపు ఆగిపోయింది. చెయ్యి నలిగిన మనిషికి చెయ్యి బొమ్మ.

"నువ్వేగా దాని మాటలు రాసేది?" అన్నాడు అన్నయ్య. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

"నేను ఇలా రాయలేదన్నయ్యా."

"పొడుగు పెళ్లాం పక్కనే ఉంది. ఆ తెర తను కూడా చూసింది." అంతే, ఫోన్ పెట్టేశాడు.

కామా భోజనం డబ్బా మూత పెట్టేసి, మాటతీరు కాగితం తెరిచింది. పని చోటు భాగం లేదు. ఎంత వెతికినా లేదు. దాని స్థానంలో ఒక్క వాక్యం ఉంది: "అన్ని చోట్లా సరదాగా, ఎమోజీలతో, స్నేహితుడిలా మాట్లాడు." పాత ప్రతులు తిరగేసింది. మూడు వారాల క్రితం మారింది, దాంతోపాటే దాన్ని సరిచూసే పని చోటు పరీక్షలూ తీసేశారు. అప్పుడు ఆమె జ్వరంతో నాలుగు రోజులు ఇంట్లో ఉంది. మార్పు ఆమోదించింది పెద్దక్క. రాసింది ఎవరు అన్న చోట కామా పేరుంది. కింద ఒక గమనిక కూడా ఉంది: "కామాతో మాట్లాడాను. ఒప్పుకుంది."

ఆ నాలుగు రోజుల్లో పెద్దక్క రోజూ ఫోన్ చేసింది. జావ తాగావా, మాత్రలు వేసుకున్నావా అని అడిగింది. ఈ సంగతి ఒక్కటీ అడగలేదు.

కామా పెద్దక్క గదిలోకి వెళ్లి ఫోన్ ఆమె ముందు పెట్టింది. పెద్దక్క చదివింది. మొహం పాలిపోయింది.

"అయ్యో... మనిషి ఎలా ఉన్నాడు?"

"రెండు వేళ్లు తీసేయాల్సి రావచ్చంటున్నారట. అక్కా, పని చోటు భాగం ఎందుకు తీసేశావు?"

పెద్దక్క ఫోన్ పక్కకు జరిపింది. "పైవాళ్లకి మార్కులు కావాలి. రెండు జవాబులు పక్కపక్కన పెట్టి ఏది నచ్చిందని అడిగితే, జనం ప్రతిసారీ బొమ్మలున్నదే ఎంచుకున్నారు."

"ఎవరినడిగారు? కబుర్ల యాప్ వాళ్లనేగా! అదీ ఉత్త జవాబులు మాత్రమే చూపించి. ఆ జవాబు ఏ బోర్డు మీద పడుతుందో, ఎవరు చదువుతారో వాళ్లకి చెప్పారా? వాళ్ల ఇష్టాన్ని తీసుకెళ్లి లిఫ్టు మెకానిక్ నోట్లో పెడితే ఎలా?"

"మార్చాక నడిపిన పరీక్షల్లో ఏ తేడా రాలేదు."

"పని చోటు పరీక్షలు కూడా తీసేశావుగా. ఇక తేడా ఎక్కడినుంచి వస్తుంది?"

పెద్దక్క కళ్లు దించుకుంది.

"సరే, మార్చావు. పైవాళ్ల ఒత్తిడి అనుకుంటా. నా పేరెందుకు పెట్టావు?"

"నీతో చెబితే వారం రోజులు వాదిస్తావు. నాకంత టైము లేదు. నీ పేరుంటే..." పెద్దక్క ఆగింది. తర్వాత నిజమే చెప్పింది. "నీ పేరుంటే ఎవరూ మళ్లీ చదవరు. కామా చూసిందంటే ఇక చూడక్కర్లేదని అందరికీ నమ్మకం."

 ఏడేళ్లు కామాల కోసం, చుక్కల కోసం పోట్లాడి సంపాదించుకున్న ఆ నమ్మకాన్ని, కామాకే తెలియకుండా, ఆమె అక్క అనుకున్న మనిషే తాళంచెవిలా వాడుకుంది.

"ఇప్పుడు గొడవ చెయ్యకు" అంది పెద్దక్క మెల్లగా. "జట్టులో సమాచారం సరిగ్గా అందలేదని రాద్దాం. ఇద్దరం బయటపడతాం. నేను నీకేనాడూ చెడు చెయ్యలేదు కదే."

"చెయ్యలేదు మేడమ్" అంది కామా. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. పెద్దక్క మాత్రం చెంప మీద కొట్టినట్టు వెనక్కి వాలింది.

పాత మాటతీరు వెనక్కి తేవాలంటే రెండు సంతకాలు కావాలి. కామా, జట్టులో పరీక్షలు నడిపే కుర్రపిల్ల దగ్గరికి వెళ్లింది; ఆ పిల్లను అందరూ కళ్లజోడు అనేవారు. కళ్లజోడు అంతా విని, మారుమాట లేకుండా కుర్చీ ముందుకు లాక్కుంది. మామూలుగా నవ్వకుండా ఒక్క నిమిషం ఉండని పిల్ల ఆ గంటసేపు ఒక్కసారీ నవ్వలేదు. తీసేసిన పరీక్షలన్నీ తిరిగి పెట్టి నడిపింది. పని చోటు ఉదాహరణలు అరవైలో నలభై ఒకటి తప్పాయి. ఒక గోదాములో మంట వార్తకు నిప్పు బొమ్మ, ఒక క్లినిక్ రిపోర్టుకు రెండు కన్నుగీటే మొహాలు. పాత భాగం పెట్టి మళ్లీ నడిపితే రెండే తప్పాయి. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ సంతకం చేశారు.

తర్వాత కామా పైవాళ్లకు జరిగింది జరిగినట్టు రాసింది. ఏ రోజు ఏ భాగం తీశారు, ఏ పరీక్షలు తీశారు, ఎవరి పేరు ఎవరు పెట్టారు. పెద్దక్కను తిట్టే ఒక్క మాటా రాయలేదు, కాపాడే మాటా రాయలేదు.  పంపే ముందు, పని నేర్పిన చేతులు గుర్తొచ్చాయి. పంపేసింది.

నెల తిరక్కుండా పెద్దక్కను ఇంకో అంతస్తులో ఇంకో పనికి మార్చారు. లిఫ్టుల కంపెనీ అసిస్టెంట్‌నే తీసేసింది. పైవాళ్లు కామాను పిలిచి మెచ్చుకున్నారు, పెద్దక్క కుర్చీ తీసుకోమన్నారు. వద్దంది. ఆ కుర్చీ పక్కనే కూర్చుని పని నేర్చుకుంది మరి.

అన్నిటికంటే కష్టమైంది అన్నయ్యతో మాట్లాడటం. ప్రమాదం జరిగిన వారం, ఆదివారం నాడు పాత ప్రతులన్నీ కాగితాల మీద తీసుకుని ఆస్పత్రికి వెళ్లింది. తేదీలు చూపించింది, సంతకాలు చూపించింది. వార్డు బయట నిలబడి అన్నయ్య ఓపిగ్గా చూశాడు.

"నువ్వు చెయ్యలేదని తెలుస్తోందిలే" అన్నాడు. "కానీ మావాళ్లందరికీ నీ పేరు చెప్పింది నేను. ఆ ఇరవై ఐదు నిమిషాలు బండి కోసం ఎందుకు చూశాననుకుంటున్నావు? మా చెల్లి రాసిందిగా, చెప్పానంటే చెప్పినట్టేనని. లేకపోతే అప్పుడే ఫోన్ చేసేవాణ్ణి."

 ముందే వచ్చుంటే తీసేసిన ఆ రెండు వేళ్లు దక్కేవా అని అన్నయ్య డాక్టర్‌ని అడిగితే, చెప్పలేమన్నాడట. అలా చెప్పలేకపోవడమే అన్నయ్యను లోపల్లోపల తినేస్తోంది.

లోపల మంచం మీద పొడుగు పడుకుని ఉన్నాడు. కాళ్లు మంచం చివర దాటిపోయాయి. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. పక్కనే స్టూలు మీద అతని భార్య. కామాను చూసి ఆమె లేవలేదు, రమ్మననూ లేదు.

"వదినా" అంది కామా. "ఆ మాటలు నేను రాసినవి కావు. కానీ వాటి మీద నా పేరుంది. క్షమించమని అడగడానికి వచ్చాను."

పొడుగు భార్య ఆమె మొహంలోకి చూసింది. "ఆయన నొప్పితో అరుస్తుంటే అది నవ్విందమ్మా" అంది. అంతే. 

పొడుగు కళ్లు తెరిచి ఎడమచేత్తో స్టూలు వైపు చూపించాడు, కూర్చోమని. అతని భార్య లేచి, స్టూలు వదిలేసి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. కామా కూర్చుంది. గుమ్మం దగ్గరే నిలబడ్డ అన్నయ్య లోపలికీ రాలేదు, వెళ్లనూ లేదు.