పదకొండు చావుల లెక్క

గంగాదేవి నేతగాళ్ళ చావుఖర్చుల సంఘానికి కోశాధికారి అయి ఎనిమిది నెలలే. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఆ పని దాసన్న చేశాడు. సభ్యులు ఒక్కొక్కరు నెలకు నూరు రూపాయలు కట్టాలి. ఎవరైనా పోతే ఆ పొద్దే ఇంటికి పదిహేను వేలు చేరాలి. సంఘం పని ఇంతే. దాసన్న పోయినప్పుడు అతని ఇంటికి ఆ పదిహేను వేలు తీసుకుపోయింది గంగాదేవే. పదో తరగతి దాకా చదువుకుంది, చేతివ్రాత బాగుంటుంది అని పుస్తకాలు ఆమెకే అప్పజెప్పారు.

మే నెలలో సర్వసభ్య సమావేశం. కడపలో ఆడిటరు తనిఖీ చేసి ఇచ్చిన తొమ్మిది పేజీల కాగితాలు పట్టుకుని ఆమె లక్ష్మీదుర్గ ఇంటికి పోయింది. లక్ష్మీదుర్గ కూడా సభ్యురాలే. అచ్చు అతుకుతూ, మగ్గం మీది పాత పోగులకు కొత్త పడుగు పోగులు ముడేస్తూ కూర్చుని ఉంది. గంగాదేవి రెండు పేజీలు చదివింది.

"ఏం అర్థమయ్యె దుర్గా?"

"నువ్వు బాగా చదువుతావని అర్థమయ్యె" అంది దుర్గ, చేతిలో దారం వదలకుండా.

ఆ లెక్కలు తేల్చుకోవడానికి గంగాదేవికి నాలుగు రోజులు పట్టింది. ఖాతాపుస్తకం, రసీదు బుక్కులు, బ్యాంకు పాసుబుక్కు ముందేసుకుని ప్రతి అంకె సరిచూసింది. మూడూ కలిశాయి. పైసా పోలేదు. అయినా తొమ్మిది పేజీల్లో విడివిడిగా ఉన్నవి ఒక్క చీటీ మీద పక్కపక్కన రాసుకున్నాక కనబడింది, వచ్చేదానికంటే పోయేది ఎక్కువని. చీటీ మీద ఐదు మాటలే మిగిలాయి. దుర్గకు మళ్ళీ చదివి వినిపించింది. ఈసారి దుర్గ దారం కింద పెట్టేసింది.

సంఘం అధ్యక్షుడు చంద్రమోహన్ చీరల వ్యాపారి. నోటీసులో 'సహాయం మొత్తం మార్పు' అని ఒక అంశం వేయమని ఆమె అడిగితే వేశాడు గానీ, చీటీ చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇది చదవొద్దు గంగమ్మా. ఆడిటరు కాగితం ఉన్నదున్నట్టు చదువు. దాసన్న అట్లే చదివేటోడు."

"అట్ల చదివితే ఎవురికీ తెలీదు గదన్నా."

"తెలిస్తే ఏం చేస్తారు? కట్టేటోళ్ళు మానుకుంటారు. అప్పుడు రెండేండ్లు వచ్చేది ఆరు నెల్లు గూడా రాదు."

గంగాదేవి ఆలోచించింది. అతను అన్నది అబద్ధం కాదు. కానీ నూరు రూపాయలు కట్టి తన దగ్గర రసీదు తీసుకుపోయే ముసలివాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. కాలు సరిగా లేక గోడ పట్టుకుని వచ్చే సుబ్బయ్య, ఇంత వరకు ఒక్క నెల తప్పలేదు.

"అడిగి కట్టించుకునేది నేనన్నా. తెలిసి తెలిసి నోరు మూసుకోని ఎట్ల కట్టించుకునేది?"

ఆదివారం పొద్దున సంఘం హాల్లో డెబ్భై ఎనిమిది మంది చేరారు. ముందు వరుసల్లో పెద్దవాళ్ళు, వెనక గోడవార మరమగ్గాల్లో కూలికి పోయే వయసులో ఉన్నవాళ్ళు. గంగాదేవి లేచి నిలబడింది. ఆడిటరు కాగితాలు బల్ల మీద పెట్టింది.

"పూర్తి లెక్క ఈడ ఉండాది. ఎవురైనా చూడొచ్చు. నేను ఐదు మాటలు చెప్తా.

"పోయిన సంవత్సరం మొదట్లో మన చేతిలో లక్షా ముప్పై రెండు వేలు ఉండె. ఏడాదిలో వడ్డీతో కలిపి వచ్చింది లక్షా ఇరవై రెండు వేలు, నెలనెలా తప్పకుండా కట్టింది నూరు మందే. పోయింది లక్షా అరవై తొమ్మిది వేలు. దాంట్లో పదకొండు చావులకే లక్షా అరవై ఐదు. ఇప్పుడు చేతిలో మిగిలింది ఎనభై ఐదు వేలు. బ్యాంకులోనే ఉండాది, యాడికీ పోలేదు."

ఆమె చీటీ చివరి వరుస మీద వేలు పెట్టింది.

"ఐదో మాట, కడాది ఇది. మనకు నూరు రూపాయలు వస్తే నూట ముప్పై తొమ్మిది పోతాండాయి. మనం నూట ముప్పై ఒక్క మందిమి మిగిలినాం. అందులో అరవై దాటినోళ్ళు ఎనభై ముగ్గురు. ఇట్లే పోతే రెండేండ్లు దాటదు. ఆ తర్వాత పోయేటోళ్ళకు ఇచ్చేదానికి సంఘంలో ఏమీ ఉండదు."

ముందు వరుసలో ఒక ముసలామె పక్కనున్నామెను 'ఏమంటాండాది' అని అడిగింది. పక్కామె చెవిలో చెప్పింది.

సుబ్బయ్య చెయ్యెత్తాడు. "అంటే, ఈ ఎనభై ఐదు వేలు ఐదు మందికి వస్తాది. అంతేనా తల్లీ?"

"కట్టేటోళ్ళు కడుతాంటే ఇంకా కొందరికి వస్తాది చిన్నాయనా."

"ఐదు మంది" అన్నాడు సుబ్బయ్య, చుట్టూ కూర్చున్నవాళ్ళను ఒకసారి చూసి. ఆ చూపుకు కొందరు తలలు దించుకున్నారు.

పదిహేను వేలు పదివేలకు తగ్గిస్తే, నెలకు కట్టే నూరుతోనే సంఘం నిలబడుతుందని గంగాదేవి చెప్పింది. పదకొండు చావులకు లక్షా పది వేలు, వచ్చేది లక్షా ఇరవై. వెనక నుంచి గోపీ లేచాడు. మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు, ఇద్దరు పిల్లలు.

"అక్కా, నువ్వు నిజం చెప్పినావు, తప్పు పట్టను. నాకు ముప్పై ఒకటి. నేను పోయేనాటికి ఈ సంఘం ఉంటాదా? నువ్వే చెప్పు."

ఆమె చీటీ వైపు చూసింది. ఉంటుందని అనడానికి దాంట్లో అంకె ఏదీ లేదు.

"మరి నేనెందుకు కట్టాల?" అని గోపీ కూర్చున్నాడు.

ఓటు పెట్టారు. యాభై నాలుగు చేతులు తగ్గించడానికి లేచాయి. ముసలివాళ్ళు దాదాపు అందరూ ఎత్తారు, తమకు రావలసిన ఐదువేలు తామే వదులుకుంటూ. మూడింట రెండు వంతులు దాటింది కాబట్టి తీర్మానం నెగ్గింది. చంద్రమోహన్ పుస్తకంలో సంతకం చేస్తూ గంగాదేవి వైపు చూడలేదు.

జూన్ ఒకటో తేదీ వసూలుకు కూర్చుంటే గోపీతో పాటు ముప్పై ఎనిమిది మంది రాలేదు. ఆగస్టుకు నడివయసు వాళ్ళూ మానుకున్నారు. చివరికి నెలకు ముప్పై మంది కూడా కట్టలేదు, వాళ్ళంతా ముసలివాళ్ళే. ఎనిమిది నెలల్లో వచ్చింది ఇరవై రెండు వేలు. పది మంది పోయారు. జనవరికి చేతిలో ఏడువేలు మిగిలింది.

"నేను ముందే చెప్పలేదా" అన్నాడు చంద్రమోహన్. "చెప్పినావన్నా" అని గంగాదేవి ఒప్పుకుంది. సంఘం మూసేశారు. ఆ ఏడువేలు తరువాత పోయినవాళ్ళ ఇంటికి ఇచ్చారు.

వీధిలో ఆడవాళ్ళు ఆమెతో మాటలు తగ్గించారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఒకామె వినబడేట్టే అంది, "ఆయమ్మ నోరు మూసుకోనుంటే మా మామ పోయినప్పుడన్నా ఆ డబ్బు వచ్చుండు." గంగాదేవి బిందె నింపుకుని వచ్చేసింది. ఇంట్లో ఆడిటరు కాగితాలు తీసి మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ లెక్కను ఇంకోలా చెప్పే దారి ఆమెకు ఎన్నిసార్లు చూసినా దొరకలేదు.

మార్చిలో పక్కవీధి ముసలి నేతగాడు ఒకాయన పోయాడు. ఇంటి అరుగు మీద తువ్వాలు పరిచి తలా కొంత వేస్తున్నారు. గంగాదేవి మూడు నూర్లు వేసి ఓ పక్కన నిలబడింది. గోపీ షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. తలనిండా దూది పోగులు. జేబులోనుంచి ఐదు నూర్ల నోటు తీసి తువ్వాలు మీద వేసి, ఆమె పక్కకు వచ్చాడు.

"అక్కా, ఆ పొద్దు నేను లేచి అడిగింది తప్పంటావా?"

ఆమె అతని మొహం చూసింది. ఈ ఐదునూర్లు వారం కూలిలో ఎంతో ఆమెకు తెలుసు.

"తప్పేం గాదులేప్పా" అంది. "పాడెకు ఒక మనిషి తక్కువున్నాడు. పో, పట్టుకో."