పచ్చలైటు

పాకాలలో పీరా సాహెబ్ చెయ్యి పడని ఇల్లు తక్కువ. నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో ఎవరింట్లో బల్బు వెలిగినా, ఫ్యాను తిరిగినా వెనక ఆయన స్క్రూడ్రైవరు ఉండేది. అలాంటి మనిషి ఇంటికే వచ్చి, ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన పోసిన టీ తాగి, ఆయన వైరింగుకే వంక పెడితే మండదా మరి.

వంక పెట్టినవాళ్లు తిరుపతి నుంచి వచ్చిన ఇద్దరు ఫిట్టర్లు. పీరా సాహెబ్ కొడుకు నియాజ్ బాడుగలకని కరెంటు కారు కొన్నాడు. కారుతోపాటు గోడకు బిగించే ఛార్జరు కూడా వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన ఫిట్టర్లు మీటరు బోర్డు చూశారు, చేతిలో మిషనుతో ఏదో కొలిచారు, తల అడ్డంగా ఊపారు.

"ఈ ఇంటికి ఎర్తు లేదు పెద్దాయనా. ముందు పెరట్లో గుంత తీసి ఎర్తు ఎయ్యాల. మీటరు కాడ నుంచి దీనికని యేరేగా లావు రాగి వైరు లాగాల. కరెంటాఫీసులో లోడు పెంచుకోవాల. అదంతా అయినాక పిలవండి, వచ్చి బిగిస్తాం."

ఎర్తు లేకపోవడం ఆయనకు తెలియనిది కాదు. ఎప్పుడో బోరు ఇనుప పైపుకు చుట్టిన తీగే ఆ ఇంటి ఎర్తు. ఆ పైపు తుప్పు పట్టి, దాని స్థానంలో ప్లాస్టిక్ పైపు వచ్చి పదేళ్లయింది. తీగ మాత్రం గోడకు వేలాడుతూ మిగిలింది. తెలిసిన విషయమే పరాయివాడు కోడలి ముందు చెప్పేసరికి ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నేను ఈ ఊరికంతా కరెంటు పెట్టినోణ్ణప్పా. నాకు సెప్తావా నువ్వు? పోండి, పోండి. మామూలు ప్లగ్గు సాల్లే మాకు."

ఫిట్టర్లు వెళ్లిపోయారు. గోడ ఛార్జరు అట్టపెట్టెతో సహా మంచం కిందికి చేరింది. కారులో ఎక్కడికైనా తీసుకెళ్లే చిన్న ఛార్జరు ఇంకోటి ఉంది. దాని ప్లగ్గును వరండాలో ఉన్న పదిహేను ఆంప్స్ సాకెట్లో పెట్టి, రెండో కొసను కారుకు తగిలించాడు నియాజ్. ఛార్జరు మీద ఎర్ర లైటు వెలిగింది. ఎర్తు లేదు, ఛార్జింగ్ ఎక్కించను అని దాని అర్థం. తీసి ఇంకోసారి పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే.

"జరుగు," అన్నాడు పీరా సాహెబ్.

సాకెట్టు విప్పాడు. కరెంటు ఫేజు తీగలో వచ్చి న్యూట్రల్ తీగలో తిరిగి పోతుంది. ఎర్తు తీగ పని వేరు, ఏదన్నా తేడా వస్తే కరెంటును భూమిలోకి దించడం. భూమిలోకి పోయే దారే లేని ఆ ఎర్తు పిన్నుకూ, న్యూట్రల్ పిన్నుకూ మధ్య బెత్తెడు తీగ ముక్క వేసి బిగించాడు. ఛార్జరు మోసపోయింది. పచ్చలైటు వెలిగింది.

"ఏం మంత్రమేసినావు అబ్బా!" అన్నాడు నియాజ్.

పీరా సాహెబ్ మీసం కింద నవ్వుకున్నాడు. ఆ న్యూట్రల్ ఎక్కడన్నా తెగితే ఆ బెత్తెడు తీగ ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. కానీ తెగితే కదా అనుకున్నాడు. తెగితే కదా అనుకునే నలభై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

పచ్చలైటు సంగతి వెనక వీధి మునిశేఖర్‌దాకా పాకింది. చింతపండు వ్యాపారం ఆయనది. ఆయనా కరెంటు కారు కొన్నాడు, ఆయన ఇంట్లోనూ ఎర్ర లైటే వెలిగింది, ఆయన్నీ ఫిట్టర్లు ఎర్తు గుంత తీయమన్నారు. పెరడంతా కొత్తగా కడప బండలు పరిపించుకున్న మనిషి, వాటిని పగలగొట్టడానికి ప్రాణం ఒప్పలేదు.

"పీరన్నా, నువ్వుండగా నాకు గుంతలెందుకు సెప్పు," అన్నాడు.

ఆ మాటకు పొంగిపోని పనివాడు ఎవడు? బెత్తెడు తీగ ముక్క, పది నిమిషాల పని. ఆ ఇంట్లోనూ పచ్చలైటు వెలిగింది. మునిశేఖర్ భార్య పంకజాక్షి ఇంత పాయసం పోసి పంపింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. కారు ఛార్జింగుకు పెట్టగానే వంటింట్లో బల్బు ఒకసారి కుంగేది, ఉన్నట్టుండి మళ్లీ తేరుకునేది. సాకెట్టు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. మామూలు ప్లగ్గు కదా, గోడ ఛార్జరు నాలుగైదు గంటల్లో చేసే పనికి పది పన్నెండు గంటలు పట్టేది. ఇస్త్రీపెట్టె అయితే పది నిమిషాల్లో తీసేస్తాం. ఇది పొద్దున పెడితే సాయంత్రందాకా ఆగకుండా లాగుతూనే ఉండేది.

ఒకరోజు కోడలు ఫిర్దోస్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కారు కడిగేది ఆమే.

"మామా, కారు ముట్టుకుంటే సేతులు జివ్వుమంటా ఉండాయి. సెప్పులు లేకుంటే ఇంకా ఎక్కువ."

న్యూట్రల్లో ఎక్కడో ముడి వదులైందని పీరా సాహెబ్‌కు అప్పుడే అర్థమైంది. చెప్పాలంటే తీగ ముక్క సంగతి చెప్పాలి. ఫిట్టర్లది రైటనాలి, మునిశేఖర్ ఇంటికి పోయి బండలు పగలగొట్టమనాలి. సిగ్గు అడ్డమొచ్చింది. ఆ సిగ్గును తిట్టుకోవాలో, దాన్ని చూసి జాలిపడాలో చెప్పడం కష్టం.

"కొత్త కారు గదమ్మా, అట్లనే ఉంటాది. ఛార్జింగులో ఉండేటప్పుడు ముట్టుకోవద్దు. కరెంటు పోయినప్పుడు కడుక్కో. అప్పుడు ఏం బయం ఉండదు."

మునిశేఖర్ కూడా అదే జివ్వుమనడం గురించి అడిగితే, అదే మాట ఆయనకూ చెప్పాడు.

వీధి మలుపులో కరెంటు స్తంభం ఉంది. ఈ ఇంటి న్యూట్రల్ తీగ, వెనక వీధిలో మునిశేఖర్ ఇంటి న్యూట్రల్ తీగ రెండూ కలిపి మెలిపెట్టి, ఒక్క తీగతో పైలైనుకు తగిలించి ఉన్నాయి. ఏనాటి ముడో అది. ఇప్పుడు రెండు కార్ల బరువు దాని మీదే పడింది. పీరా సాహెబ్ దాని కింద నుంచి పోయినప్పుడల్లా తల ఎత్తకుండా పోయేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. నియాజ్ తెల్లవారుజామున తిరుపతి బాడుగ ముగించి వచ్చి లోపల నిద్రపోతున్నాడు. కారు ఛార్జింగులో ఉంది. పీరా సాహెబ్ వరండాలో మంచం మీద కునుకు తీస్తున్నాడు. మంచం కింద అట్టపెట్టె అలాగే ఉంది.

ఫ్యాను ఆగింది.

"కరెంటు పోయినాది మామా. కారు కడిగేస్తా," అంది ఫిర్దోస్. బకెట్టు చప్పుడు, తడి నేల మీద వట్టి కాళ్ల చప్పుడు వినిపించాయి.

పీరా సాహెబ్ ఊ కొట్టి అటు తిరిగి పడుకున్నాడు. చెమట పడుతోంది. పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు. గర్రుమని పచ్చడి నలుగుతోంది. నలగనీ అనుకున్నాడు.

మిక్సీ!

వీధిలో కరెంటు ఉంది. పోయింది తమ ఇంట్లోనే.

"ముట్టుకోవద్దమ్మా!"

ఆ కేకకు ఫిర్దోస్ చేతిలో బకెట్టు జారిపోయింది. తడి గుడ్డ పట్టిన చెయ్యి కారు తలుపుకు జానెడు దూరంలో ఆగింది. "కరెంటు లేదు గదా మామా," అంది బిత్తరపోయి.

"ఎనక్కి రా. ఎనక్కి రా తల్లీ, నీ కాళ్లు మొక్కుతా."

చెప్పులు తొడుక్కుని వచ్చి, జేబులోని టెస్టరు కారు తలుపు కింద రంగు లేచిన ఇనుముకు ఆనించాడు. టెస్టరు ఎర్రగా వెలిగింది. ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు, కారు ఒళ్లంతా కరెంటు. న్యూట్రల్ తెగింది. ఫేజు నుంచి ఫ్రిజ్ గుండా న్యూట్రల్లోకి వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి లేక, తను వేసిన బెత్తెడు తీగ మీదుగా ఎర్తు పిన్నులోకి, అక్కణ్ణుంచి కారులోకి వచ్చి కూర్చుంది. ఎవరన్నా తడి కాళ్లతో ముట్టుకుంటే వాళ్లే దానికి దారి.

పరిగెత్తి మెయిన్ దించాడు. వచ్చి మళ్లీ టెస్టరు పెట్టాడు. ఇంకా వెలుగుతోంది.

ఆ పాత మెయిన్ ఆపేది ఫేజునే, న్యూట్రల్‌ను కాదు. దాన్ని దించాక ఈ ఇంటి ఫేజు ఈ ఇంట్లో లేదు. మరి ఈ కరెంటు ఎవరింటిది?

చేతికి పొడి తువ్వాలు చుట్టుకుని ప్లగ్గు ఊడబెరికాడు. టెస్టరు ఆరింది. వీధిలోకి వచ్చి, ఇన్నాళ్లూ చూడని స్తంభం వైపు తలెత్తి చూశాడు. పైలైనుకు పోయే ఆ ఒక్క తీగ కాలి, నల్లటి కొసతో వేలాడుతోంది. రెండిళ్ల తీగలు మాత్రం ఒకదాన్నొకటి వదల్లేదు. ఒక కొస తన ఇంటికి, ఒక కొస కప్పుల మీదుగా వెనక వీధికి పోతోంది. మెయిన్ దించాక కూడా ఆ తీగల మీదుగా తన కారులోకి వచ్చింది మునిశేఖర్ ఇంటి కరెంటు. అంటే మునిశేఖర్ కారులోనూ అదే ఉంది.

అరవై రెండేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి, చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగకుండా పరిగెత్తాడు. "మునిశేఖరా! కారు కాడికి పోవద్దురోయ్!" అని వీధి మొదటి నుంచే అరిచాడు.

వాకిట్లో పంకజాక్షి మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చింది.

"ఏమన్నా, అట్ల రొప్పతా ఉండావు? ఆయన పెరట్లో ఉండాడు. ఇప్పుడే కరెంటు పోయినాది, కారు కడగతా ఉండాడు."

పెరట్లోంచి పైపు నీళ్లు సందులోకి పారుతున్నాయి. ఆయన పిలుపుకు లోపలి నుంచి పలుకు లేదు.

గోడ మీది మెయిన్ ముందు దించాడు. ప్లగ్గు పీకాడు. ఆ ఇంట్లో ఆయన చేతులు చేసిన సరైన పనులు అవే, అవీ ఆలస్యంగా. మునిశేఖర్ కారు పక్కన కొత్త కడప బండల మీద, నీళ్లలో ఒరిగి పడి ఉన్నాడు. తుడిచే గుడ్డ పిడికిట్లోనే ఉంది.

పీరా సాహెబ్ మోకాళ్ల మీద కూలబడి ఆయన గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. జనం చేరారు. ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. వెనకే పరిగెత్తుకొచ్చిన ఫిర్దోస్ గోడను పట్టుకుని నిలబడిపోయింది. గుండె మాత్రం ఆయన చేతుల కింద బదులివ్వలేదు.

పంకజాక్షి పీరా సాహెబ్ భుజం పట్టుకుని కుదుపుతోంది. ఆయన మీద కోపంతో కాదు. ఊళ్లో కరెంటు సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి, ఆయన్నే అడుగుతోంది.

"కరెంటు లేనప్పుడే కడిగినాడు గదన్నా! నువ్వు సెప్పినట్టే సేసినాడు గదన్నా!"