అట్టముక్క మీద నలభై లీటర్లు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకు మెచ్చుకోవడం వచ్చు. రాదనుకునే పద్దెనిమిదేళ్ళు హాయిగా కాపురం చేశాను. ఏం వండినా, ఏం కట్టుకున్నా "బానే ఉంది" అని సరిపెట్టే ఆ మనిషి, మొన్న మా తోడికోడలు రాసిన అట్టముక్క చదివి బల్ల చరిచి మరీ నవ్వాడు.

మాది బ్యాగుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో వేలాడే ప్రతి బ్యాగుకూ ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. ఎన్ని లీటర్లు, ఎన్ని అరలు, జిప్పు ఎన్నో నంబరు, లోపల ఏం పడతాయి, అన్నీ దాని మీద ఉండాలి. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ పని నా చేతికొచ్చింది. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని మా అత్తయ్య కూడా ఒప్పుకుంది. ఆవిడ ఒప్పుకునే విషయాలు ఏడాదికి రెండుకు మించవు.

"40 లీటర్లు. అరలు మూడు. పెద్ద జిప్పు 8వ నంబరు, చిన్నవి 5వ నంబరు. మూడు రోజుల బట్టలు పడతాయి." ఇదీ నా రాత. ఒక్క అక్షరం ఎక్కువుండదు, తక్కువుండదు.

తోడికోడలు వచ్చి ఏడాదయింది. మా మరిది సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటే, తోచడం లేదని కిందికి దిగడం మొదలుపెట్టింది. తోచకపోతే నిద్రపోవచ్చు కదా! అలా కాకుండా నీలం బ్యాగుకు అట్ట రాసింది.

"22 లీటర్లు. లాప్‌టాప్ పెట్టాక భోజనం డబ్బా నిలబడదు, పడుకుంటుంది. కూర తెచ్చుకునేవాళ్ళు ఆలోచించుకోండి. ముందు జేబు జిప్పు మూల దగ్గర కాస్త అలుగుతుంది, రెండో చేత్తో బతిమాలండి."

సరుకులో ఉన్న లోపాన్ని సరుకుకే కట్టి వేలాడదీస్తారా ఎవరైనా? తీరా సాయంత్రానికి ఆ నీలం బ్యాగులన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు అట్టముక్కలు కూడా అడిగి పట్టుకెళ్ళారు. నా అట్టను ఇంతవరకూ ఎవరూ ఇంటికి తీసుకెళ్ళిన పాపాన పోలేదు.

నాకు ఒళ్ళు మండలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన "బానే ఉంది" అంటూ తిన్నాడు.

ఆ వారమే పెద్ద నర్సమ్మ కొట్టుకు వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి రోగులను చూసే నర్సులందరికీ ఆవిడే పైఅధికారి. ఇరవై బ్యాగులు కావాలంది. నేను అట్ట రాసిన నల్ల బ్యాగు ముందు ఆగి, దాని ఫొటో తీసుకుంది.

"మందుల పెట్టె ఒకటుందమ్మా, గట్టి ప్లాస్టిక్‌ది. నలభై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై వెడల్పు, పదిహేను ఎత్తు. దాన్ని విప్పి సర్దడానికి లేదు, పెట్టెను పెట్టెలాగే పెట్టాలి. ఇంకా బీపీ మిషనూ, రెయిన్‌కోటూ ఉంటాయి. పడతాయా?"

"నలభై లీటర్లండీ! భేషుగ్గా పడతాయి," అన్నాను.

వెనకనుంచి తోడికోడలు గొంతు వినిపించింది. "అక్కా, ఆ పెట్టె పట్టదేమో. దానికన్నా ఈ బూడిద రంగుది..."

"అది ముప్ఫై ఆరే కదమ్మా," అన్నాను, పసిపిల్లకు చెప్పినట్టు.

పెద్ద నర్సమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరూ మీరూ తేల్చుకోండి. రేపు నాలుగింటికి ఫోన్ చేస్తా," అని వెళ్ళిపోయింది.

మా ఆయన ఊరుకుంటే బాగుండేది. "ఈ ఆర్డరు ఎవరి మాట మీద నిలబడితే, ఇకమీదట అట్టలన్నీ వాళ్ళే రాయాలి," అన్నాడు. ఆయనకది సరదా. పద్దెనిమిదేళ్ళ నా గుండ్రటి అక్షరాలకు మాత్రం అది ఉరికొయ్య.

మర్నాడు పొద్దున్నే పై గదిలో మా ఆయన కూలబడే మెత్తటి బస్తా కుర్చీ కుట్లు విప్పాను. దాన్నిండా తెల్లటి థర్మకోల్ పూసలుంటాయి. లీటరు మగ్గు తీసుకుని, అందరూ చూస్తుండగా నల్ల బ్యాగులో పోయడం మొదలుపెట్టాను. పెద్ద అరలో ఇరవై తొమ్మిది మగ్గులు, ముందు అరలో ఏడు, పైజేబులో మూడున్నర పట్టాయి.

"ముప్ఫై తొమ్మిదిన్నర!" అన్నాను. "ఆ అర లీటరు గాలిలో ఎగురుతోంది, లెక్కేసుకోండి."

నిజంగానే ఎగురుతోంది. పూసలు మా ఆయన మీసానికీ, అత్తయ్య చీరకూ, ఫ్యానుకూ అంటుకున్నాయి.

"కొలిచావు సరే," అంది అత్తయ్య చెంగు దులుపుకుంటూ. "నన్ను కూడా అందులోనే పోస్తావా ఏంటి?"

తోడికోడలు చీపురు అందుకుంది. "లీటర్ల సంగతి నేనేమీ అనలేదక్కా. సరిగ్గానే ఉన్నాయి," అని ఊడవడం మొదలుపెట్టింది.

ఓడిపోయినవాళ్ళు అంత నెమ్మదిగా మాట్లాడితే గెలిచినవాళ్ళకు తిన్నది అరగదు.

మధ్యాహ్నం అందరూ పైకి వెళ్ళాక కొట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. నల్ల బ్యాగుకు కొత్త అట్ట రాయాలనిపించింది, నలుగురూ నవ్వేలాంటిది. "మందుల పెట్టెను మింగి త్రేన్చని బ్యాగు" అని మొదలుపెట్టాను. నాకే బాగా నచ్చింది. రాసింది నిజమేనని ఒకసారి కళ్ళారా చూసుకుందామనిపించింది. కొట్లో విడి జిప్పులూ, వాటిని లాగే రన్నర్లూ దాచే చెక్క సొరుగు ఒకటుంది. టేపు పెట్టి చూస్తే నలభై, ముప్ఫై, పదిహేను. పెట్టెకు కవల పిల్లలా ఉంది. సొరుగులోవన్నీ బల్ల మీద బోర్లించి, బ్యాగు జిప్పు ఆ చివరినుంచి ఈ చివరిదాకా తీశాను.

సొరుగు దిగలేదు.

నిలువుగా పెట్టాను, అడ్డంగా పెట్టాను, ఏటవాలుగా తోశాను. జిప్పు చివర కుట్టు కిర్రుమంది. అప్పుడు టేపు తీసి, ఇన్నేళ్ళలో ఎన్నడూ కొలవని చోట కొలిచాను. నడుము దగ్గర ముప్ఫై మూడు ఉన్న బ్యాగు, మూతి దగ్గర ఇరవై నాలుగే. జిప్పు పైన వంపు దాకానే వెళ్ళి ఆగిపోతుంది, పక్కలకు దిగదు. పూసలకేం, సందు దొరికితే జారిపోతాయి. పెట్టె జారదుగా.

బూడిద రంగుది దించాను. దానికీ ఎనిమిదో నంబరు జిప్పే, రెండు రన్నర్లు. కానీ మూడు పక్కలా తిరిగి, సూట్‌కేసులా బార్లా తెరుచుకుంది. సొరుగు మెల్లగా పడుకుంది. పక్కన గొడుగూ, నా శాలువా కూడా పట్టాయి.

టైము మూడూ నలభై అయింది. సొరుగును ఎప్పటిలా సర్దేస్తే చూసినవాళ్ళు లేరు. లీటర్లు కొలిచి చూపించాను కదా, నాలుగింటికి "పడతాయండీ" అంటే ఆర్డరు నాది, అట్టలు నావి. నిజం చెప్పొద్దూ, సొరుగులో జిప్పులు తిరిగి వేయడం మొదలుపెట్టాను కూడా. గుప్పెడు వేశాక, రోగి ఇంటి గుమ్మంలో వానలో నిలబడి, పెట్టెను బ్యాగులోకి కుక్కుతూ నన్ను తిట్టుకునే నర్సు కనిపించింది. ఒకరు కాదు, ఇరవై మంది.

సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది. మెట్ల మీదనుంచి దూకినట్టుగా దిగి, మా ఆయనే ఎత్తాడు. వెనకే తోడికోడలు, ఆమె భుజం పట్టుకుని అత్తయ్య.

"ఆ, నర్సమ్మగారూ! మా ఆవిడ మగ్గుతో కొలిచి మరీ తేల్చిందండీ. నల్లదే ఖాయం..."

"ఇలా ఇవ్వండి," అని ఫోను లాక్కున్నాను. తోడికోడలు వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. దాని జడలో ఇంకా ఒక తెల్ల పూస ఉంది. అదీ దానికి అందంగానే ఉంది, ఖర్మ.

"నల్లది వద్దండీ," అన్నాను. "లీటర్లు నలభయ్యే, కానీ మూతి ఇరుకు. మీ పెట్టె దూరదు. బూడిద రంగుది తీసుకోండి. ఈ మాట మా చెల్లి నిన్ననే చెప్పింది, నేనే వినలేదు. తప్పు నాదండీ."