మూసిన పెట్రోలు ట్యాపు

ఆదివారంలోగా అమ్మాయి గేర్ల బండి నేర్చుకోకపోతే నాన్న స్కూటరును బాబాయి పట్టుకుపోతాడు. ఆడపిల్లకు అది లొంగదని తేల్చినవాడూ ఆయనే. తన బండి క్లచ్ తీగ తెగితే మెకానిక్ వచ్చేదాకా నీడలో కూర్చునే మనిషి. నాన్న ఎడమ మణికట్టు విరిగి అతికింది, క్లచ్ నొక్కలేడు. నర్సుగా చేరిన కూతురికి ఆరింటి డ్యూటీకి బస్సు లేదు.

శనివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు దాకా బండిని ఇద్దరూ తోసుకొచ్చారు. ఆమె సీటు కింది పెట్రోలు ట్యాపు తెరిచి కిక్ కొట్టింది. క్లచ్ నొక్కి ఎడమ పిడిని పైకి తిప్పితే మొదటి గేరు పడింది. క్లచ్ ఒక్కసారిగా వదలగానే బండి కప్పలా ఎగిరి ఆగిపోయింది. వేళ్ళతో కాదు, అరచేతితో కొంచెం కొంచెంగా వదలాలనీ, బండి కదలబోతూ వణికినప్పుడే కుడిచేతి యాక్సిలరేటర్ అందించాలనీ నాన్న ఓపికగా చెప్పాడు. నాలుగోసారికి బండి నున్నగా కదిలింది.

వెనక్కి వచ్చి ఆగింది. ఆమె చున్నీ ముడి వేసుకుంటుంటే నాన్న వంగి సీటు కింద ఏదో తడిమి లేచాడు. మళ్ళీ బయలుదేరింది. పిడిని కిందికి తిప్పి రెండు, మూడు. చల్లగాలి చెవులకు తగిలింది. అంతలో ఇంజను గొంతు సన్నగిల్లి, దగ్గి, మూగబోయింది.

నాన్న ఆయాసపడుతూ వచ్చాడు. "మళ్ళీ క్లచ్ వదిలేశావా తల్లీ?"

బాబాయి మాటే చివరికి నెగ్గుతుందా అని ఆమెకు కళ్ళు మండాయి. కానీ కళ్ళతో పాటు చెవులూ పనిచేశాయి.

"లేదు నాన్నా. క్లచ్ తప్పయితే గుంజి ఆగుతుంది. ఇది ఊపిరాడక ఆగింది."

సీటు కింద చేయి పెట్టి చూసింది. ట్యాపు మూసి ఉంది. కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు ఇంతదూరమే లాగింది.

నాన్న తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. బండి ఆగినప్పుడల్లా ట్యాపు మూయడం ఆయనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. "ఇవి నన్నడిగి చేయవమ్మా," అన్నాడు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా.

"మీ వేళ్ళ మీద ఫిర్యాదు అమ్మకే చేస్తాను."

ట్యాపు తెరిచి, కాసేపు ఆగి, మూడు కిక్కులు కొట్టింది. బండి పలికింది. ఆమె వెనక సీటు చూపించింది. ఈ బండి వెనక ఎన్నడూ కూర్చోని నాన్నకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి ఆమె భుజం మీద ఒకటి ఆనించాడు. గేరు మారినప్పుడల్లా ఆ చేయి బిగిసి వదులైంది. మూడో మలుపు తర్వాత బిగియడం మానేసింది.

ఇంటి సందు మొదట్లో ఆమె వంగి ట్యాపు మూసింది. మిగిలిన చుక్కలతో బండి గేటు దాకా వచ్చి, బుద్ధిగా ఆగింది. అరుగు మీద బాబాయి, ఒకరోజు ముందే వచ్చి, తాళం కోసం చేయి చాపి ఉన్నాడు.

నాన్న దిగి, బండికి తగిలించి ఉన్న తన పాత హెల్మెట్ తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకెళ్ళు. నాకింక ఇంకొకటి కావాలి, వెనక కూర్చునేవాళ్ళది."