రెప్పపాటు సందు

మా నాయన జ్ఞానప్రకాశం ఎలక్షన్లలో అవతలి పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఆ కక్ష నా మీద తీర్చుకోవడానికి ఇవతలి పార్టీ మనిషి జమ్మలమడుగు నారాయణ వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ప్రొద్దుటూరు నడిబజారులో ఉన్న నా వీడియో గేమ్స్ షాపులోకి, నలుగురు మనుషులతో, చేతిలో ఇనుప రాడ్డుతో.

"ఏమ్మే రాహేలూ, షట్టర్ దించు. మళ్లా ఎత్తినావంటే పగిలేది టీవీలు కాదు, తలకాయలు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కత్తుల ఆటలో తనకు ఎదురు లేదని ఈ షాపులోనే విర్రవీగేవాడు.

"నాతో ఆడి గెలువు మామా, నేనే దించుతా. ఓడితే మాత్రం నా షట్టర్ జోలికి రావద్దు."

మనుషుల ముందు కాదనలేక రాడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మొదలుపెట్టడమే నరకడం. నా బొమ్మ భుజం తెగి తెరంతా నెత్తురు. గార్డు బటన్ నొక్కిపట్టి కత్తి అడ్డం పెట్టాను. అడ్డం పెడితే వెంటనే చావం గానీ, దెబ్బదెబ్బకీ కొంచెం కొంచెం ప్రాణం కారిపోతుంది. పక్కకు దొర్లాను. దొర్లేటప్పుడు ఏ కత్తీ తగలదు, నిజమే. మనం తప్పించుకుంటే వాడికేం నొప్పి? సందు చూసి నేనూ నాలుగు పోట్లు పొడిచి అతన్ని సగానికి దించాను.

ఇక పది సెకన్లు. నాకు గోరంత ప్రాణం. అడ్డం పెడితే ఆ గోరంతా పోతుంది. దొర్లుతూ ఉంటే టైమైపోయి, ప్రాణం ఎక్కువున్న నారాయణే గెలుస్తాడు. మిగిలింది ప్యారీ. కత్తి ఒంటికి తగలబోయే క్షణంలోనే గార్డు నొక్కాలి. ముందే నొక్కితే ఉత్త అడ్డం, ఆలస్యమైతే చావు. సరిగ్గా దొరికితే కొట్టినవాడే తూలిపోతాడు. అప్పుడు పడే ఎదురుదెబ్బను ఆపలేడు, తప్పించుకోలేడు. సగం ప్రాణం పోతుంది.

కానీ అతను కొట్టాలి కదా! దూరంగా నిలబడితే చాలు, గెలిచేవాడు.

"ఏందప్పా, ఆడపిల్లకు భయపడతాండావా?" అని వెనక నుంచి అతని మనిషి సర్దార్ నవ్వాడు.

నారాయణ మెడ ఎర్రబడింది. నలుగురూ చూస్తుండగా వెనకడుగు వేసినవాడు వాళ్ల ఊర్లో తలెత్తుకుని తిరగలేడు. కత్తెత్తి మీదికి దూకాడు.

మెడ దాకా రానిచ్చి నొక్కాను. ఖణేల్! తూలాడు. కడుపులో దిగబొడిచాను. అతని బొమ్మకు మిగిలిన సగం ప్రాణమూ పోయింది.

"సావు!" అని అరిచాను. సిగ్గేం లేదు, అంత కసి ఉంది నాకు.

నారాయణ మెల్లగా లేచాడు.

"మాటంటే మాటే. షట్టర్ జోలికి రాను. నీ చెయ్యి సంగతి మనం మాట్లాడుకోలేదు గదమ్మే."

సర్దార్ నా కుడిచేతిని బల్లకు అదిమిపెట్టాడు. రాడ్డు మూడుసార్లు దిగింది. రెండో దెబ్బకే వేళ్లు నావి కాకుండా పోయాయి.

మర్నాడు కట్టుతో వచ్చి ఎడమచేత్తో షట్టర్ ఎత్తాను. కోపంతో ఏడుస్తూనే ఎత్తాను. సాయంత్రం దాకా తెరిచే ఉంచాను. ఆడటానికి ఒక్కడూ రాలేదు.